రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే లెన్స్: పిల్లల సైట్‌కు ఆర్థో-కె ఎలా మొదలుపెట్టాలి, ఎలా కాపాడుకోవాలి

ఆర్థో-కె లెన్స్‌లు కావాలని వచ్చే తల్లిదండ్రులను నేను ముందుగా పవర్ ఎంత అని అడగను. రాత్రి పిల్లవాడు పడుకునే ముందు సింకు దగ్గర పక్కన ఎవరు నిలబడతారు, పొద్దున బడికి పరుగెత్తే ముందు పదిహేను నిమిషాలు ఎవరికి ఖాళీ ఉంటుంది అని అడుగుతాను. మా చేతిలోని కొలతలన్నీ సరిగ్గా కుదిరినా, ఈ లెన్స్‌ల మంచీ చెడ్డా తేలేది ఆ రెండు పూటల్లోనే. కంటి డాక్టర్ దగ్గర మీరు గడిపేది ఏడాదికి కొన్ని గంటలు. సింకు దగ్గర గడిపేది ఏడాదికి ఏడు వందల సార్లు.

పదేళ్ళ అబ్బాయి ఒకడి కేసు తీసుకుని మొదటి కొలత నుంచి చివరి దాకా చెప్పుకొస్తాను. కుడి కంటికి మైనస్ 3.00, ఎడమ కంటికి మైనస్ 2.75, రెండు కళ్ళకూ సిలిండర్, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే పవర్, అర పాయింట్. ఏడాది కిందటి కళ్ళజోడు కన్నా ముప్పావు పాయింట్ పెరిగింది. అందుకే వాళ్ళ నాన్న టెన్షన్‌తో వచ్చాడు.

ముందు, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

సైట్ ఉన్న కంట్లో గుడ్డు వెనక్కి సాగి ఉంటుంది. దూరం నుంచి వచ్చే వెలుగు కంటి వెనక తెరలా ఉండే రెటీనా దాకా రాకముందే కలుసుకుంటుంది, అందుకే బోర్డు మసకగా కనిపిస్తుంది. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియా వంపును కాస్త తగ్గిస్తే ఆ వెలుగు ఇంకొంచెం వెనక్కి వెళ్ళి సరిగ్గా రెటీనా మీద పడుతుంది. లేజర్ ఆపరేషన్‌లో ఆ వంపును శాశ్వతంగా చెక్కేస్తారు. ఆర్థో-కెలో రాత్రికి రాత్రి దిద్ది, రోజంతా వాడుకుని, మళ్ళీ రాత్రి దిద్దుతారు.

లెన్స్ కార్నియాను నొక్కి చదును చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇది గట్టి లెన్స్, గాలి ఆడే పదార్థంతో చేస్తారు, వెడల్పు పదిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. మధ్యభాగం కార్నియా కన్నా చదునుగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న వలయం మాత్రం లోతుగా వంగి, కింద కన్నీరు నిలిచే చోటు వదులుతుంది. రెప్ప మూసి పడుకున్నప్పుడు మధ్యలో పలచటి కన్నీటి పొర నెడుతుంది, పక్కనున్న లోతైన వలయంలో కన్నీరు లాగుతుంది. ఈ నెట్టడం, లాగడం కలిసి కార్నియా పైపొర అయిన ఎపితీలియంలో మార్పు తెస్తాయి. మధ్యలో అది పలచబడుతుంది, వలయం కింద మందమవుతుంది.

ఎంత పలచబడుతుంది? లెక్క చిన్నదే. పవర్‌ను, దిద్దే వృత్తం వ్యాసం వర్గంతో హెచ్చవేసి మూడుతో భాగిస్తే మైక్రాన్లలో లోతు వస్తుంది. మన అబ్బాయి కుడి కంటికి నాలుగు మిల్లీమీటర్ల వృత్తం అనుకుంటే:

3 × 4² ÷ 3 = 16 మైక్రాన్లు

తలవెంట్రుక మందంలో సుమారు నాలుగో వంతు. ఎపితీలియం మొత్తం మందమే 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అదే మైనస్ 6.00 ఉన్న కంటికి ఇదే వృత్తం కావాలంటే 32 మైక్రాన్లు కావాలి, అంటే పైపొరలో సగానికి పైగా. పవర్ పెరిగేకొద్దీ ఈ లెన్స్‌లు ఎందుకు తడబడతాయో ఈ ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. పవర్ ఎక్కువైతే దిద్దే వృత్తాన్ని చిన్నది చేయాలి. వృత్తం చిన్నదైతే రాత్రి కంటిపాప విచ్చుకున్నప్పుడు దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి.

ఎవరికి నప్పుతాయి

2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రాత్రిపూట పెట్టుకునే ఈ లెన్స్‌లకు మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు మైనస్ 6.00 దాకా అని హద్దు పెట్టింది. హద్దు దాకా వెళ్ళొచ్చు కదా అని వెళ్ళకండి. నా అనుభవంలో హాయిగా కుదిరేది మైనస్ 1.00 నుంచి మైనస్ 4.00 మధ్య. సిలిండర్ ఒకటిన్నర దాటితే మామూలు డిజైన్ కుదురుగా కూర్చోదు, టోరిక్ అనే వేరే డిజైన్ కావాలి.

పెద్దవాళ్ళూ వాడొచ్చు. పగలు కళ్ళజోడు లేకుండా ఉండాలనుకునేవాళ్ళకు, ఈత, ఆటలు ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. కానీ పెద్దవాళ్ళకు ఇది సౌకర్యం మాత్రమే. పిల్లలకు ఇంకో లాభం ఉంది: గుడ్డు సాగే వేగం తగ్గుతుంది. హాంగ్‌కాంగ్‌లో 6 నుంచి 10 ఏళ్ళ పిల్లల మీద జరిగి 2012లో వెలువడిన రొమియో అనే పరిశోధనలో రెండేళ్ళలో కళ్ళజోడు పిల్లల కళ్ళు సగటున 0.63 మిల్లీమీటర్లు పెరిగితే, ఆర్థో-కె పిల్లల కళ్ళు 0.36 పెరిగాయి. మందమైన ఆ వలయం గుండా వెళ్ళే వెలుగు రెటీనా అంచుల దగ్గర కాస్త ముందే కలుసుకోవడం వల్ల కన్ను ‘ఇక సాగక్కర్లేదు’ అనుకుంటుందని దీనికి ఎక్కువగా చెప్పే కారణం. తగ్గుతుంది అన్నాను, ఆగిపోతుంది అనలేదు. ఉన్న సైట్ పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నప్పనివాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. కళ్ళు పొడిబారేవాళ్ళు, రెప్పల అంచున ఎప్పుడూ పొట్టు కట్టేవాళ్ళు, అలర్జీతో రోజంతా కళ్ళు నలుపుకునేవాళ్ళు ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి. కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే కెరటోకోనస్ ఉన్నా, ఉందన్న అనుమానం ఉన్నా ఈ లెన్స్‌లు వద్దే వద్దు. కార్నియాకు ఇంతకుముందు హెర్పిస్ వచ్చినవాళ్ళకూ, వ్యాధినిరోధక శక్తి తగ్గినవాళ్ళకూ నేను ఇవ్వను. రాత్రి ఆరు గంటలు కూడా పడుకోని పిల్లలకు ఇచ్చి లాభం లేదు, ఎందుకంటే పని జరిగేది రెప్ప మూసి ఉన్నప్పుడే. ఎనిమిది గంటలు కావాలి. చేతులు కడుక్కోమంటే నీళ్ళు చూపించి వచ్చే పిల్లవాడికైతే ఇంకో ఏడాది ఆగండి, ఈలోపు వేరే దారులున్నాయి.

కొలతల రోజు ఏం అడగాలి

మూడు కొలతలు తప్పనిసరి. ఒకటి, కంట్లో చుక్కలు వేసి తీసిన పవర్. రెండు, కార్నియా టోపోగ్రఫీ, అంటే వంపులను రంగుల పటంలా చూపే స్కాన్. మూడు, గుడ్డు పొడవు, దీన్నే ఆక్సియల్ లెంగ్త్ అంటారు. ఈ మూడోది చాలా చోట్ల వదిలేస్తారు, మీరు అడిగి తీయించుకోండి. రేపటి నుంచి లెన్స్ పవర్‌ను కప్పేస్తుంది, చార్టు మీద అన్ని అక్షరాలూ చదివేస్తాడు. లోపల సైట్ పెరుగుతోందో లేదో చెప్పగలిగేది ఆ పొడవు ఒక్కటే. మన అబ్బాయికి కుడి కన్ను 24.62 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ అంకె రాసిన కాగితం వాళ్ళ నాన్న పర్సులో పెట్టుకున్నాడు.

లెన్స్ మధ్యభాగం వంపు ఎలా నిర్ణయిస్తారో ఒకసారి చూడండి, తర్వాత డాక్టర్ చెప్పేది అర్థమవుతుంది. అబ్బాయి కార్నియా వంపు 43.50. తగ్గించాల్సిన పవర్ 3.00. సాయంత్రానికి కార్నియా కొంచెం పాత ఆకారానికి జారుతుంది కాబట్టి ఇంకో 0.75 కలుపుతారు. వచ్చిన వంపు పవర్‌తో 337.5 అనే స్థిర సంఖ్యను భాగిస్తే వ్యాసార్ధం మిల్లీమీటర్లలో వస్తుంది.

43.50 − 3.00 − 0.75 = 39.75
337.5 ÷ 39.75 = 8.49 మిల్లీమీటర్లు

కార్నియా వంపు వ్యాసార్ధం 337.5 ÷ 43.50, అంటే 7.76 మిల్లీమీటర్లు. లెన్స్ మధ్యభాగానిది 8.49. ఆ తేడానే రాత్రంతా పని చేస్తుంది. చుట్టూ ఉన్న వలయాలు మాత్రం టోపోగ్రఫీ చూసి కుదుర్చుతారు. లెన్స్ కన్ను మధ్యలో నిలవడం, నిలవకపోవడం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

రాత్రి: పెట్టుకోవడం

సింకు కన్నం మూసేయండి. ఇది చాదస్తం కాదు, లెన్స్ జారిందంటే నేరుగా గొట్టంలోకే పోతుంది. సబ్బుతో చేతులు కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి మీద తడి మిగిలితే అది కుళాయి నీళ్ళే. ఆ నీళ్ళ గురించి తర్వాత చెబుతాను.

కుడి లెన్స్ తోనే ఎప్పుడూ మొదలుపెట్టండి. సాధారణంగా కుడిదానికి గ్రీన్, ఎడమదానికి బ్లూ రంగు వేస్తారు. పిల్లలకు నేను చెప్పే కిటుకు ఇది: గ్రీన్‌లో ర వత్తు ఉంది, అది రైట్. బ్లూలో ల వత్తు ఉంది, అది లెఫ్ట్. మీ లెన్స్‌లకు రంగులు వేరుగా ఉంటే డబ్బా మూతల మీద గుర్తు పెట్టుకోండి. తారుమారైతే చూపు రెండు కళ్ళలోనూ తేడా కొడుతుంది, కారణం తెలియక రెండు రోజులు తిరుగుతారు.

లెన్స్‌ను వెలుగుకు ఎదురుగా పట్టి అంచు పగిలిందా, గీత పడిందా, తెల్లటి పొర కట్టిందా చూడండి. స్టెరైల్ సెలైన్‌తో కడిగి, వేలి కొన మీద గిన్నెలా నిలబెట్టి, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలతో నింపండి. పొంగేలా నింపాలి. ఇప్పుడు బల్ల మీద అద్దం పడుకోబెట్టి, ముఖం నేలకు సమాంతరంగా వంచి, రెండు రెప్పలూ విప్పి పట్టుకుని, అద్దంలో కంటిపాపను చూస్తూ లెన్స్‌ను కిందనుంచి పైకి తీసుకురండి. తల వంచకుండా నిలబడి పెట్టుకుంటే చుక్కలు ఒలికిపోయి లోపల గాలిబుడగ మిగులుతుంది.

పెట్టాక అద్దంలో దగ్గరగా చూడండి. బుడగ కనిపిస్తే తీసి మళ్ళీ నింపి పెట్టాల్సిందే. బుడగ ఉన్నచోట కన్నీరు ఉండదు, పొద్దున్నకు అక్కడ కార్నియా మీద గుంటల్లాంటి గుర్తులు మిగులుతాయి. పెట్టిన పది, పదిహేను నిమిషాల్లో పడుకోవాలి. కళ్ళు తెరిచి ఉంటే ఇది గట్టి లెన్స్ కాబట్టి రెప్పకు తగులుతూ గుచ్చుకుంటుంది, రెప్ప మూశాక ఆ బాధ ఉండదు. పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చోవడం అందుకే కుదరదు. ఒకరకంగా అదీ మంచిదే.

పొద్దున: లెన్స్ రాకపోతే

మీరు బాగా నేర్చుకోవాల్సింది ఈ భాగమే. రాత్రంతా కన్నీరు పలచబడి, రెప్ప కింద లెన్స్ కార్నియాకు అతుక్కోవడం మామూలే. అతుక్కున్న లెన్స్‌ను ప్లంజర్ అనే, పీల్చి పట్టుకునే చిన్న రబ్బరు పరికరం పెట్టి లాగితే పైపొర కొంత దాంతోపాటే ఊడి వస్తుంది. ఆ దెబ్బ తగిలిన చోటి నుంచే సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి.

లేవగానే ముఖం కడుక్కోవద్దు. ముందు చేతులు. తర్వాత ఒక్కో కంట్లో రెండు మూడు కన్నీటి చుక్కలు వేసి, రెప్పలు మామూలుగా ఆర్పుతూ ఐదు నిమిషాలు ఉండండి. ఇప్పుడు అద్దంలో చూస్తూ ఒక్కసారి రెప్ప ఆర్పండి. లెన్స్ కాస్త కిందకు జారి పైకి వచ్చిందా? కదిలితే తీయొచ్చు. కదలకపోతే మళ్ళీ చుక్కలు వేయండి. అప్పటికీ రాకపోతే పైకి చూస్తూ, కింది రెప్ప అంచును చూపుడు వేలితో లెన్స్ అంచుకు కాస్త కిందగా గుడ్డు మీద మెల్లగా అదమండి, తర్వాత కిందకు చూస్తూ పై రెప్పతో అలాగే చేయండి. లోపలి పట్టు విడిపోతుంది, ఓ చిన్న బుడగ లోపలికి దూరినట్టు కనిపిస్తుంది. కదలిక కళ్ళతో చూశాకే ప్లంజర్ ముట్టుకోండి.

ప్లంజర్‌ను లెన్స్ నడిమధ్యలో కాకుండా కింది అంచుకు దగ్గరగా ఆనించి, కాస్త పక్కకు వంచినట్టు తీయండి. నేరుగా ముందుకు లాగకూడదు. ఇంకో మాట: ప్లంజర్ పెట్టే ముందు లెన్స్ కంట్లోనే ఉందో లేదో ఖాయం చేసుకోండి. నిద్రలో లెన్స్ తెల్లగుడ్డు మీదకు జారిపోతే, అది లేదని తెలియక ప్లంజర్‌ను ఉత్త కార్నియాకే అంటించిన వాళ్ళున్నారు.

మన అబ్బాయికి నాలుగో రోజు పొద్దున ఎడమ లెన్స్ అతుక్కుంది. బడి బస్సుకు పన్నెండు నిమిషాలే ఉంది. వాళ్ళ నాన్న గడియారం చూసుకోకుండా చుక్కలు వేస్తూ కూర్చున్నాడు, బస్సు పోయింది, లెన్స్ క్షేమంగా వచ్చింది. రోజూ లేచే వేళకన్నా ఇరవై నిమిషాలు ముందు అలారం పెట్టుకోమని అందుకే చెబుతాను.

తీసిన లెన్స్‌ను అరచేతిలో పెట్టి, క్లీనర్ రెండు చుక్కలు వేసి, వేలితో ఇరవై సెకన్లు మెల్లగా రుద్దండి. రెండు వేళ్ళ మధ్య నలిపితే విరుగుతుంది. సెలైన్‌తో కడిగి, కొత్త ద్రావణం పోసిన డబ్బాలో పెట్టండి. నిన్నటి ద్రావణం మీద కొత్తది కలపడం పొదుపు కాదు, క్రిములకు విందు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం వాడితే దానికి ఇచ్చిన నిలువు డబ్బాలోనే, కనీసం ఆరు గంటలు ఉంచాలి. అంతకు ముందే తీసి కంట్లో పెడితే నిప్పు పడ్డట్టు మండుతుంది. మాంసకృత్తుల మరకలు పోయే ద్రావణం ఎన్నాళ్ళకోసారి వాడాలో మీ డాక్టర్‌ను అడిగి రాసుకోండి. డబ్బాను రోజూ ద్రావణంతో కడిగి, బోర్లించి ఆరబెట్టి, నెలకోసారి పారేయండి. ప్లంజర్ కూడా అంతే. లెన్స్‌ల సంగతి వెంటనే గుర్తొస్తుంది గానీ, తడిగా మూతేసి దాచిన ప్లంజర్ ఎవరికీ గుర్తుండదు. క్రిములు పట్టిన వస్తువుల్లో అది ముందువరసలో ఉంటుంది.

మొదటి వారం ఎలా నడుస్తుంది

మొదటి రాత్రికే సగానికి పైగా పవర్ తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. సాయంత్రానికి మళ్ళీ మసక వస్తుంది, సంబరం పోతుంది. రెండూ మామూలే. చూపు రోజంతా నిలవడానికి వారం, పది రోజులు పడుతుంది, కొందరికి నెల.

ఈ మధ్యలో పాత కళ్ళజోడు పెట్టకండి. కార్నియా ఇప్పటికే మైనస్ రెండు పాయింట్లు దిద్దుకుంటే, దాని మీద మైనస్ 3.00 అద్దం ఇంకా తప్పు దారి పట్టిస్తుంది. ఈ వారానికి తక్కువ పవర్‌వి, ఒక్కరోజు వాడి పారేసే మెత్తటి లెన్స్‌లు కొన్ని డాక్టర్ దగ్గర అడిగి తీసుకోండి. అబ్బాయికి మొదటి రెండు రోజులు మైనస్ 1.50, తర్వాత రెండు రోజులు మైనస్ 0.75 ఇచ్చాం. ఐదో రోజు అవి పెట్టుకోవడం మానేశాడు.

మొదటి రాత్రి తర్వాతి పొద్దున తప్పకుండా చూపించుకోవాలి, వీలైతే లెన్స్‌లు కంట్లో ఉండగానే వెళ్ళండి. అవి మధ్యలో ఉన్నాయా, కదులుతున్నాయా చూస్తారు. తీసి పసుపు రంగు చుక్క వేసి నీలం వెలుగులో చూస్తే పైపొర చెదిరిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. తర్వాత వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆపైన ఆరు నెలలకు మించకుండా వెళ్ళాలి.

ప్రతిసారీ టోపోగ్రఫీ పటం మీరూ చూడండి, చదవడం కష్టం కాదు. మధ్యలో గుండ్రటి నీలం మచ్చ, చుట్టూ ఎరుపు వలయం ఉంటే లెన్స్ సరిగ్గా కూర్చున్నట్టు. మన అబ్బాయి కుడి కన్ను అలాగే ఉంది. ఎడమ కంటి పటంలో నీలం పైకి జరిగి, కింద ఎర్రటి గీత నవ్వుతున్న నోరులా వచ్చింది. వాడేమో బోర్డు మీద ఒక్కో అక్షరానికీ నీడ కనిపిస్తోందని రెండు రోజులుగా చెబుతున్నాడు. ఈ ‘నవ్వు’ మాకు నవ్వు తెప్పించదు. లెన్స్ వదులై రాత్రి పై రెప్ప కిందకు ఎక్కిందని అర్థం. అంచు వలయాన్ని ఇంకొంచెం బిగువు చేసి కొత్త లెన్స్ తెప్పించాం. ఆ వారం రోజులూ ఎడమ కన్ను ఖాళీగా వదిలేశాం, పవర్ తిరిగి వచ్చాక కొత్తది మొదలుపెట్టాం. పటం తలకిందులై ఏడుపు ముఖంలా వస్తే లెన్స్ బిగువై కిందకు దిగినట్టు. నీలం మచ్చ నడుమ ఓ చిన్న ఎర్రటి దిబ్బ మిగిలినా బిగువనే అర్థం, దాన్ని సెంట్రల్ ఐలాండ్ అంటారు. మూడింటిలో దేనికీ ‘ఇంకో వారం వాడి చూద్దాం, అదే సర్దుకుంటుంది’ అనే జవాబుకు ఒప్పుకోకండి.

కుళాయి నీళ్ళు, ఎర్ర కన్ను

2000 తర్వాతి తొలి ఏళ్ళలో తూర్పు ఆసియాలో ఈ లెన్స్‌లు వాడిన పిల్లల్లో వరసగా కార్నియా పుండ్లు బయటపడ్డాయి, కొందరికి చూపు పోయింది. ఎక్కువగా కనిపించిన క్రిములు రెండు. సూడోమోనాస్ అనే బాక్టీరియా ఒకటి, అది ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. రెండోది అకంతమీబా, ఏకకణ జీవి. ఇది కుళాయి నీళ్ళలో, ట్యాంకుల్లో, ఈత కొలనుల్లో బతుకుతుంది. తాగినా ఏమీ కాదు. లెన్స్ కింద చిక్కి రాత్రంతా వెచ్చగా ఉంటే మాత్రం నెలల తరబడి మందులు వాడాల్సిన జబ్బు తెస్తుంది. లెన్స్‌లను, డబ్బాను కుళాయి నీళ్ళతో కడగడం ఆ కేసుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన తప్పు. కాచిన నీళ్ళు, ఫిల్టర్ నీళ్ళు, ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు, ఏవీ పనికిరావు. సెలైన్ సీసా కూడా తెరిచిన తేదీ రాసి, గడువు దాటితే పారేయాలి.

రిస్క్ ఎంత? 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో పదివేల మంది ఏడాది పాటు వాడితే సుమారు 8 మందికి ఇలాంటి ఇన్‌ఫెక్షన్ వస్తుందని తేలింది, పిల్లల్లో అది 14 దగ్గర ఉంది. తక్కువే. కళ్ళజోడుకు అసలు లేని రిస్క్ అని కూడా గుర్తుంచుకుని తూకం వేయండి.

అందుకే ఇంట్లో అందరికీ ఒకే నియమం ఉండాలి: కన్ను ఎర్రబడిందా, ఆ రాత్రి లెన్స్ లేదు. లెన్స్ తీశాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, వెలుగు చూడలేకపోతున్నా, పుసి ఎక్కువగా కడుతున్నా, చూపు మసకగా ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ‘కళ్ళకలక అయ్యుంటుంది’ అని మందుల షాపులో చుక్కలు కొని వేయొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు లోపల ముదురుతూ పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, రెండు రోజులు చేజారిపోతాయి. వెళ్ళేటప్పుడు లెన్స్‌లు, డబ్బా, ద్రావణం సీసా కడగకుండా అలాగే పట్టుకెళ్ళండి. క్రిమి ఏదో తెలుసుకోవడానికి వాటినే పరీక్షకు పంపుతారు. జ్వరం, జలుబు ఉన్న రాత్రులూ లెన్స్‌లకు సెలవే. రెండు రాత్రులు మానేస్తే చూపు మసకబారుతుంది, అంతకు మించి నష్టం లేదు.

అందుకే అత్యవసరానికి పాత కళ్ళజోడు, తక్కువ పవర్ కళ్ళజోడు రెండూ ఇంట్లో ఉండాలి. అవి లేకపోతే ఏమవుతుందో చూశాను. పరీక్ష రోజు బోర్డు కనపడదని భయపడి ఓ అమ్మాయి ఎర్ర కంట్లోనే లెన్స్ పెట్టుకుని పడుకుంది. కార్నియా పక్కగా చిన్న పుండు వచ్చి మానింది, మచ్చ మిగిలింది. కంటిపాపకు ఎదురుగా రాలేదు కాబట్టి చూపు దక్కింది.

ఎన్నాళ్ళు వాడాలి, ఎలా ఆపాలి

లెన్స్‌లను సాధారణంగా ఏడాదికోసారి మార్చాలి, గీతలు పడితే అంతకన్నా ముందే. ఆరు నెలలకోసారి గుడ్డు పొడవు కొలిపించండి. మన అబ్బాయి కుడి కన్ను ఏడాది తర్వాత 24.77 వచ్చింది, 0.15 పెరిగింది. సైట్ ఉన్న పదేళ్ళ పిల్లవాడికి అది ఊరటనిచ్చే అంకె. ఏడాదిలో 0.30 దాటి ఉంటే కొనసాగించాలా, సైట్ పెరిగే వేగాన్ని తగ్గించే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు కలపాలా అని డాక్టర్‌తో మాట్లాడాల్సి వచ్చేది. కొన్నాళ్ళు వాడినవాళ్ళ కార్నియాలో గోధుమరంగు సన్నటి వంపు గీత కనిపించొచ్చు, అది ఇనుము పేరుకోవడం. చూపుకు అడ్డు రాదు, కంగారు పడక్కర్లేదు.

పద్నాలుగేళ్ళ లోపు ఒక్కసారిగా మానేస్తే గుడ్డు మళ్ళీ వేగంగా సాగుతుందని గమనించారు. అందుకే టీనేజీ సగం దాటేదాకా, పొడవు వరసగా రెండు మూడుసార్లు నిలకడగా వచ్చేదాకా ఆపవద్దనే చెబుతాం. ఆపాలనుకున్నప్పుడు వేసవి సెలవుల్లాంటి ఖాళీ చూసుకోండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో పవర్ చాలావరకు తిరిగి వస్తుంది, పూర్తిగా స్థిరపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు. టోపోగ్రఫీ రెండుసార్లు ఒకేలా వచ్చేదాకా కొత్త కళ్ళజోడు చేయించకండి. లేజర్ ఆపరేషన్ ఆలోచన ఉంటే అక్కడి డాక్టర్‌కు రాత్రి లెన్స్‌లు వాడిన సంగతి మీరే చెప్పాలి. మానేసి కొద్ది రోజులే అయిన కార్నియాను కొలిచి చేస్తే కొలతే తప్పు అవుతుంది.